తల ఎత్తకుండా మాట్లాడే మనుషుల గురించి మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో అరగంట మాట్లాడింది. అందులో ఇరవై నిమిషాలు నీ గురించే. మీటింగ్‌లో నీ మాట ఎవరూ పట్టించుకోలేదనీ, "నేను చెప్తే ఎవరికీ వినపడదా?" అని గట్టిగా అనేసి ల్యాప్‌టాప్ మూసేశావనీ చెప్పింది. వచ్చే నెల నుంచి నీ కింద ఆరుగురు పనిచేస్తారట. ఈలోగా నీకు ఏయే సందర్భాల్లో చిర్రెత్తుకొస్తుందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటావట. "దానికి ట్రిగ్గర్లు అని పేరు కూడా ఉందిటే అక్కా" అని నవ్వింది. నేను నవ్వలేదు. ల్యాప్‌టాప్ సంగతి విని ముందు గుండె ఝల్లుమంది. పుస్తకం సంగతి విన్నాక నీ వయసులో నాకు ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదా అనిపించింది. రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ట్రిగ్గర్ అంటున్నావు. మా ఆఫీసులో దానికి పేరు లేదు కానీ సంగతి అందరికీ తెలుసు. "మేడమ్‌తో అన్నీ మాట్లాడొచ్చు, ఆ ఒక్కదాని దగ్గర మాత్రం జాగ్రత్త" అని కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు చెప్పేవారు. ఆ మేడమ్ నేనే. ఆ ఒక్కటి ఏమిటో ఆఫీసంతా నాకంటే ముందే తెలుసుకుంది. నాకు తెలిసేసరికి ఉద్యోగంలో పంతొమ్మిదేళ్ళు గడిచాయి.

నిద్ర చాలని రోజున, ఆకలిగా ఉన్నప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరికైనా కోపం తొందరగా వస్తుంది. అది నీకూ తెలుసు, అక్కడితో వదిలేస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. "నన్ను పట్టించుకోకపోతే తట్టుకోలేను, అదే నా ట్రిగ్గర్" అని మీ అమ్మతో అన్నావట. అమ్మలూ, అది ట్రిగ్గర్ కాదు, నువ్వు ఇచ్చేసిన తీర్పు. పట్టించుకోకపోవడం అనేది కంటికి కనిపించదు. మెయిల్‌కి జవాబు రాకపోవడం కనిపిస్తుంది. నువ్వు మాట్లాడుతుండగా ఇంకొకరు అందుకోవడం వినిపిస్తుంది. పక్కమనిషి ఫోన్ చూసుకోవడం కనిపిస్తుంది. వాటన్నిటినీ కలిపి "పట్టించుకోలేదు" అని పేరు పెట్టింది నీ మనసు. ఇంత పెద్ద పేరు పెట్టుకుంటే రోజుకి పదిసార్లు దొరుకుతుంది, ఒక్కసారీ ఉపయోగపడదు. ఆ పదింటిలో నిన్ను నిజంగా మండించేవి ఒకటో రెండో ఉంటాయి. పుస్తకం వాటిని పట్టుకోవడానికే.

అలాగని పట్టించుకోకపోతే బాధపడటం నీ బలహీనత అనుకోకు. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కంప్యూటర్ మీద ఒక చిన్న బంతాట తయారు చేయించాడు. ముగ్గురు ఒకరికొకరు బంతి విసురుకోవాలి. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ నీకు బంతి వేయడం మానేస్తారు, అంతే. డబ్బు లేదు, బహుమతి లేదు, ఆ ఇద్దరూ ఎవరో కూడా తెలియదు. అయినా ఆడినవాళ్ళకి మనసు చివుక్కుమంది. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, అవతల ఉన్నది మనుషులు కాదు కంప్యూటరేనని ముందే చెప్పి ఆడించినా బాధ కలిగింది. మనిషిని పక్కన పెడితే నొప్పి పుడుతుంది, నీకూ నాకూ అందరికీ. నీ పుస్తకం ఆ నొప్పిని తీసేయదు. నొప్పి పుట్టాక నువ్వు చేసే పని ఏ రోజు మితి మీరుతుందో చెబుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

అప్పుడు నేను లెక్కల విభాగానికి పెద్దని. ఏడాది లెక్కలు మూసే రోజులు. స్టోర్స్ నుంచి ఏడాది చివరి సరుకు లిస్టు రావాలి, అది వస్తే కానీ లెక్క ముగియదు. సోమవారం పొద్దున స్టోర్స్ ఆయనకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. మంగళవారం లేదు. బుధవారం గుర్తు చేస్తూ ఇంకొకటి పెట్టాను. దానికీ లేదు. గురువారం మీటింగ్. పదకొండు మందిమి కూర్చున్నాం. నా వంతు వచ్చినప్పుడు "స్టోర్స్ లిస్టు ఇంకా రాలేదు" అన్నాను. ఆయన ముందున్న కాగితాల్లోంచి తల ఎత్తలేదు. ఏదో రాసుకుంటూనే "పంపించాను కదండీ" అన్నాడు. ఆ "కదండీ" కాస్త సాగింది.

అంతే. నా చెవులు వేడెక్కాయి. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా ఇప్పటికీ గుర్తుంది. "మీకు మా పనంటే లెక్కలేదు. మూడు రోజులుగా అడుగుతున్నా, మొహం చూసి జవాబు చెప్పే మర్యాద కూడా లేదు." గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన అప్పుడు తల ఎత్తాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికెళ్ళాను, తిన్నాను, మళ్ళీ మళ్ళీ అదే తలుచుకున్నాను. రాత్రి పదిన్నర దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని మీటింగ్‌లో ఉన్న అందరికీ మెయిల్ రాశాను. ఏ రోజు ఏమడిగానో తేదీలు వేసి మరీ. చివర "ఇది మొదటిసారి కాదు" అని చేర్చాను. ఆ వాక్యం రాసినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పంపేసి పడుకుంటే వెంటనే నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రాడు నా బల్ల మీది ట్రేలోంచి ఒక కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టాడు. స్టోర్స్ లిస్టు. సోమవారం సాయంత్రమే వచ్చింది. నాకు కాదు, ఆ కుర్రాడికి. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందు "ఇకపై లిస్టులన్నీ నేరుగా మా సహాయకుడికే పంపండి" అని అన్ని విభాగాలకీ రాసింది నేనే. స్టోర్స్ ఆయన నేను చెప్పినట్టే చేశాడు. కుర్రాడు ప్రింట్ తీసి ట్రేలో పెట్టాడు. దాని మీద ఇంకో నాలుగు ఫైళ్ళు పడ్డాయి.

చూశావా, "పంపించాను కదండీ" అన్న మాటలో నాకు కావలసిన సమాచారం మొత్తం ఉంది. పంపించాను అన్నాడు, పంపించాడు. ఎవరికి పంపారు అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. నాకు మాట వినపడలేదు, సాగిన స్వరమే వినపడింది. ట్రిగ్గర్ చేసే పని ఇదే బుజ్జీ. కోపం తెప్పించడం తర్వాతి సంగతి, ముందు అది చెవులు మూసేస్తుంది. ఆ కొద్దిసేపు, నీ కోపానికి సరిపడేవి తప్ప మిగతావేవీ లోపలికి రావు.

ఇంతకంటే నన్ను కోసేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ కుర్రాడు గురువారం మీటింగ్‌లో నా వెనక కుర్చీలోనే ఉన్నాడు. లిస్టు వచ్చిందని వాడికి తెలుసు. నేను అరుస్తుంటే విన్నాడు. నోరు విప్పలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే నేల చూపులు చూస్తూ "అప్పుడు మీతో ఎలా చెప్పాలో తెలియలేదు మేడమ్" అన్నాడు. స్టోర్స్ ఆయనకి జరిగిన అవమానం పెద్దదే, కాదనను. కానీ నిజం తెలిసిన మనిషి మూడడుగుల దూరంలో కూర్చుని నాకు భయపడి దాన్ని మింగేశాడే, ఆ సంగతి ఇన్నేళ్ళయినా మనసులోంచి పోలేదు. ఏడు నెలల తర్వాత వాడే ఒక ఎంట్రీలో అంకెలు తారుమారు చేసి, మూడు వారాలు నాకు చెప్పకుండా దాచాడు. ఆ రోజే చెప్పి ఉంటే పది నిమిషాల పని. మూడు వారాలయ్యాక నలుగురం రెండు రోజులు కూర్చున్నాం. వాణ్ణి ఏమనగలను? దాచడం నేర్పింది నేనే.

వచ్చే నెల నీ వెనక కుర్చీల్లో ఆరుగురు ఉంటారు. నా నిద్ర పోయింది అందుకే.

స్టోర్స్ ఆయనకి క్షమాపణ చెప్పానా అంటే చెప్పాను, రెండు రోజుల తర్వాత. "అలా అన్నందుకు ఏమీ అనుకోకండి, కానీ మీరు కూడా ఒక మెయిల్ పెట్టి ఉంటే..." అన్నాను. ఆ "కానీ"తో క్షమాపణ కాస్తా రెండో దెబ్బ అయింది. పైగా మెయిల్ పదిమందికీ వెళ్ళింది, క్షమాపణ మాత్రం వరండాలో ఒక్కడికి. నోరు జారింది ఎక్కడో అక్కడే సర్దుకోవాలి. పదిమంది చదివిన మెయిల్‌ని పదిమందికీ వెళ్ళే మెయిల్‌తోనే వెనక్కి తీసుకోవాలి, అందులో "కానీ" ఉండకూడదు. "లిస్టు సోమవారమే అందింది, చూసుకోకపోవడం నా పొరపాటు, నా మాటలు వెనక్కి తీసుకుంటున్నాను" అంటే చాలు. నేను ఆ మూడు ముక్కలు రాయలేకపోయాను. ఆయన ఆ తర్వాత నాతో ఎంతో మర్యాదగా ఉన్నాడు. ఏ పనికైనా కాగితం, ప్రతి కాగితానికీ నకలు. అంతకుముందు దారిలో కనపడి "మేడమ్, ఫలానాది ఒకసారి చూసుకోండి" అని చెప్పే మనిషి, మళ్ళీ ఒక్కసారి కూడా అలా చెప్పలేదు.

పుస్తకం నేను మొదలుపెట్టింది ఆ కుర్రాడి ఎంట్రీ గొడవ తర్వాత. నలభై రోజులు రాశాను. నువ్వూ అంతకంటే తక్కువ రాయకు, వారం రాస్తే ఆ వారం ఎలా గడిచిందో తెలుస్తుంది కానీ నువ్వేమిటో తెలియదు. రాసే పద్ధతి చెప్తాను. ముందు, కెమెరా పెట్టి ఉంటే దానికి కనపడేదీ వినపడేదీ మాత్రమే ఒక వాక్యం. "వెటకారంగా అన్నాడు" అని కాదు, "పంపించాను కదండీ అన్నాడు, రాసుకుంటూనే అన్నాడు" అని. తర్వాత, ఒంట్లో మొదట ఎక్కడ తెలిసిందో. నాకు చెవులు. కొందరికి దవడ బిగుస్తుంది, కొందరికి గొంతు, కొందరికి మాట వేగం పెరుగుతుంది. నీదేదో నువ్వే చూసుకోవాలి. ఆ తర్వాత, మనసులో మెరిసిన మొదటి మాట. పెద్దమనిషి తరహాలో సర్దిన మాట కాదు, నిజంగా వచ్చింది. నాది దాదాపు ప్రతిసారీ ఒకటే, "నేనేం గడ్డిపోచనా?" చివరగా ఏం చేశావో.

ఇక అంకెలు. ఇది నేను నలభై రోజుల్లో తంటాలు పడి నేర్చుకున్న కిటుకు. ఆ క్షణంలో ఆ సంగతి ఎంత పెద్దదనిపించిందో పదికి ఎంతో వేసుకో. మర్నాడు పొద్దున, నిన్నటి అంకె చేత్తో మూసి, మళ్ళీ వేసుకో. నిన్న 8, ఇవాళ 3 అయితే చుట్టూ గీత గీయి. ఆ అయిదు అంకెలు అవతలి మనిషి తెచ్చినవి కావు, నీ దగ్గరే ఉన్నవి. అదే నిన్న 8, ఇవాళ 7 అయితే గీత గీయకు. అది ట్రిగ్గర్ కాదు, నిజంగానే ఏదో తప్పు జరిగింది, దాని గురించి కూర్చుని మాట్లాడాలి. ఈ రెండూ కలిపేసుకుంటే చాలా నష్టం. ప్రతి కోపమూ నీ లోపమే అనుకుంటే, నిజంగా తొక్కేవాడికి నువ్వే చాప పరిచినట్టు.

నా నలభై రోజుల్లో పదిహేడు రాతలు వచ్చాయి. పట్టించుకోలేదని నేను పేరు పెట్టినవి పదమూడు. అందులో తొమ్మిది మెయిల్‌కో ఫోన్‌కో జవాబు రాకపోవడం. చూస్తే ఆ తొమ్మిదింటికీ అంకెలు 3, 4, అంతే. చిరాకు పడ్డాను, మరిచిపోయాను. నా అంచనా అక్కడే తప్పింది. మిగతా నాలుగు మాత్రం 8, 9. మర్నాటికి 2, 3. ఆ నాలుగింటిలోనూ ఎవరో ఒకరు జవాబు చెప్పారు! చెప్పారు, కానీ తల ఎత్తకుండా చెప్పారు. నలుగురి ముందు చెప్పారు. అంటే నాకు జవాబు రాకపోతే ఏమీ కాదు. వంచిన తలలోంచి జవాబు వస్తే మాత్రం నిప్పు. ఎందుకో ఆలోచిస్తే మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. అక్కడి పెద్దాయన రెండేళ్ళలో ఒక్కసారి కూడా నా మొహం చూసి మాట్లాడలేదు. కాగితం పెడితే సంతకం పెట్టి పక్కకి తోసేవాడు. అప్పుడు నేనేమీ అనలేదు, అనలేను. ఆ బాకీ పదిహేనేళ్ళ తర్వాత స్టోర్స్ ఆయన దగ్గర వసూలు చేశాను. మూలం తెలిసినంత మాత్రాన ఏదీ మాయం కాలేదు, ఆ మాట కూడా చెప్తున్నాను. ఎందుకు వచ్చిందో తవ్వుకుంటూ కూర్చోకు. ఎప్పుడు వస్తుందో తెలిస్తే పని జరుగుతుంది.

ఇంకో సంగతి పుస్తకం చెప్పింది, అది నాకు నచ్చలేదు. ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. మీటింగ్ గురువారం కూడా అంతే. లిస్టుతో సంబంధం లేకుండా నా మొత్తాల్లో ఒక తేడా వస్తోంది, రెండు రోజులుగా దొరకడం లేదు, ఎవరైనా అడుగుతారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. లెక్క కుదిరిన రోజున అదే మనిషి అదే స్వరంతో అన్నా "ఎవరికి పంపారు సార్?" అనేదాన్నే. అందుకని నీ పుస్తకంలో ఒక మూల ఇది కూడా రాసుకో, ఆ రోజు నీ పని మీద నీకు ధీమా ఉందా లేదా. ఎవరికీ చూపించక్కర్లేదు.

నీ మీటింగ్ సంగతే తీసుకుందాం. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి, నువ్వు ఒక మాట చెప్పావు, ఎవరూ అందుకోలేదు. పది నిమిషాల తర్వాత అదే మాట ఇంకొకతను చెబితే మీ మేనేజర్ "బాగుంది" అన్నాడు. అప్పుడు నువ్వు పేలావు. మర్నాడు నీ అంకె ఎంతో నాకు తెలియదు. 7 అయితే అది నీ మాట ఇంకొకరి ఖాతాలో పడిన వ్యవహారం, నిదానంగా మేనేజర్‌తో విడిగా చెప్పుకోవాల్సిందే. 3 అయితే, ఒక్కొక్కటే మార్చి చూడు. మేనేజర్ ఆ గదిలో లేకపోతే అంత మండేదా? నీ మాటే మళ్ళీ చెప్పిన ఆ ఇంకొకతని బదులు నీ స్నేహితురాలు దాన్ని చెప్పి ఉంటే? నువ్వు చెప్పినప్పుడు ఒకరు "ఊఁ, తర్వాత చూద్దాం" అని ఉంటే? ఏది మారిస్తే మంట సగానికి తగ్గుతుందో అదే నీ మీట. నా ఊహ చెప్పనా? నువ్వు పేలింది పట్టించుకోనప్పుడు కాదు, ఆ పది నిమిషాలూ నువ్వు కుదురుగానే కూర్చున్నావు. "బాగుంది" అన్న మాట దగ్గర పేలావు. అయినా అది నా ఊహ, ఒక్క సంఘటనతో ఏదీ తేల్చకు. మూడు నాలుగు గీతలు పడేదాకా ఆగు.

మీట దొరికాక ఏం చేయాలో ముందే ఒక వాక్యం తయారుగా పెట్టుకో. "ఇకపై ప్రశాంతంగా ఉంటాను" అని కాదు, ఆ తీర్మానాలు నేను ప్రతి ఏడాదీ చేసుకున్నాను. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని. నాది ఇది. "తల ఎత్తకుండా ఎవరైనా జవాబు చెబితే, పెన్ను కింద పెట్టి ఒక ప్రశ్న మాత్రమే అడుగుతాను." ఎవరికి పంపారు, ఎప్పటికి అవుతుంది, ఇలాంటిది, వివరం రాబట్టే ప్రశ్న. ఇలా సందర్భాన్నీ పనినీ జత చేసి పెట్టుకుంటే ఉత్త తీర్మానం కంటే బాగా నిలబడుతుందని పీటర్ గాల్విట్జర్ అనే ఆయన చాలా పరిశోధన చేశాడు. నాకైతే పెన్ను పనిచేసింది. చేతికి పని దొరికితే నోటికి రెండు క్షణాలు దొరుకుతాయి. ప్రతిసారీ కాదు, మూడింట రెండుసార్లు అనుకో. ఉద్యోగం మానేసే రోజుదాకా నా చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి.

పెన్ను పనిచేయని రోజున లేచి బయటికి వెళ్ళు. "పది నిమిషాల్లో వస్తాను" అని చెప్పి వెళ్ళు, చెప్పకుండా వెళ్తే అది కూడా ల్యాప్‌టాప్ మూయడం లాంటిదే. ఇరవై నిమిషాలు దొరికితే ఇంకా మంచిది, ఒళ్ళు చల్లబడటానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఇంకొకరికి ఆ కథే చెబుతూ గడపకు. కోపం వెళ్ళగక్కితే తగ్గుతుందంటారు కదా, బ్రాడ్ బుష్‌మన్ 2002లో దాన్ని పరీక్షించి చూశాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దినవాళ్ళ కోపం, ఊరికే కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువైంది. పదిన్నర రాత్రి మెయిల్ నా పంచింగ్ బ్యాగ్. చీకటి పడ్డాక పని గురించి కోపంగా ఏదీ పంపకు. రాయాలనిపిస్తే కాగితం మీద రాయి, కాగితానికి "పంపు" బటన్ ఉండదు. ఇది సలహా కాదు, ఆజ్ఞ అనుకో. మిగతావన్నీ నీ ఇష్టం.

అలాగని మొహం రాయి చేసుకుని కూర్చోమనడం లేదు. నేను అదీ చేశాను, పుస్తకానికి ముందు ఒక ఏడాది. లోపల ఉడుకుతూ పైకి నవ్వేదాన్ని. ఎవరికీ తెలియలేదనుకున్నాను, అందరికీ తెలుసు. 2003లో ఎమిలీ బట్లర్, ఆమె తోటివాళ్ళు చేసిన పరిశోధనలో, భావాలు దాచుకుంటూ మాట్లాడేవాళ్ళ ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కూడా రక్తపోటు పెరిగింది. ఆ ఏడాది నా ఎదుట కూర్చున్నవాళ్ళ గతి ఏమైందో. దాచడం కంటే చిన్నగా చెప్పడం నయం. "ఈ మాట నాకు కాస్త కష్టంగా అనిపించింది, రేపు మాట్లాడుకుందాం" అంటే చాలు, మొహం దాచే పని తప్పుతుంది.

ఒక్క భయం మిగిలింది, అది కూడా చెప్పేస్తాను. నీ ట్రిగ్గర్ దొరికాక దాన్ని బోర్డు రాసి తగిలించకు. "అది నా ట్రిగ్గర్, నాతో అలా మాట్లాడొద్దు" అని నీ కింద ఆరుగురికి చెప్పావంటే, నీ స్వభావాన్ని కాపలా కాసే ఉద్యోగం వాళ్ళకిచ్చినట్టే. వాళ్ళు నీకు చెప్పాల్సిన చెడ్డ వార్తలు వరండాలోనే ఆగిపోతాయి. చెప్పాలనుకుంటే కోరికలా చెప్పు, పని గురించి చెప్పు. నేను చివరికి మా విభాగంలో అన్నది ఇదే. "ఏదైనా పంపినప్పుడు నా బల్ల దగ్గరికొచ్చి, నా మొహం చూసి ఒక్క మాట చెప్పండి, నేను ట్రేలో మర్చిపోతాను." ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ కుర్రాడు అప్పటికి వేరే విభాగానికి వెళ్ళిపోయాడు.

ఇంకా, ఒకే మనిషి దగ్గర గీతలన్నీ పడుతున్నాయా, అతని దగ్గర మిగతావాళ్ళు కూడా అలాగే మండుతున్నారా అని చూసుకో. నీ చుట్టుపక్కల అందరికంటే నెమ్మదస్తురాలు ఎవరో ఉంటుంది కదా, ఆమె కూడా దవడ బిగిస్తోందంటే లోపం నీ పుస్తకంలో లేదు. అప్పుడు పెన్ను కింద పెట్టడం కాదు, పెన్ను చేతికి తీసుకోవాలి. తేదీ, మాట, ఎవరెవరున్నారు, అన్నీ రాసుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పగటిపూట.

మొదటి వారం రాయడం విసుగ్గా ఉంటుంది. రెండో వారంలో ఏ సంఘటనా జరగదు, ఎందుకంటే రాయాల్సి వస్తుందని జాగ్రత్తగా ఉంటావు. మూడో వారంలో అది మరిచిపోతావు, అప్పుడు అసలువి వస్తాయి. అప్పటిదాకా ఆపకు.

మొదటి గీత గీసిన రోజు ఫోన్ చెయ్యి. ఏం రాశావో చదివి వినిపించక్కర్లేదు. అమ్మకి ఈ ఉత్తరం చూపిస్తే చూపించు కానీ, నిన్న ఫోన్‌లో నేను మాట్లాడుతుంటే తను మధ్యలో టీవీ చూస్తోందని నాకు తెలిసిపోయిందనీ, అయినా ఏమీ అనలేదనీ చెప్పు. పొద్దున లేచి చూసుకుంటే నా అంకె 2.

మీ పెద్దమ్మ